సపోర్టు కావలసిన చోటే: స్లైసర్‌లో రంగు వేసి చెప్పడం ఎలా

3D ప్రింటు కోసం 120 మిల్లీమీటర్ల ఎత్తున్న, కూర్చున్న వినాయకుడి బొమ్మను స్లైసర్‌లోకి, అంటే బొమ్మను పొరలుగా కోసి ప్రింటర్‌కు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, గాల్లో ఉన్న భాగాలను కింది నుంచి మోసే సపోర్టును Everywhere అని పెట్టి స్లైస్ చేసి చూడండి. చెవుల కింద, మోచేతుల కింద, తొండానికీ బొజ్జకీ మధ్య, కిరీటం అంచు కింద, చివరికి పంచె మడతల్లో కూడా సపోర్టు పేరుకుపోతుంది. ఇందులో చాలావరకు అక్కర్లేనిదే. ఎందుకంటే స్లైసర్ ప్రధానంగా చూసేది తలం ఎంత వాలుగా ఉందన్నదే. ఆ చోటు ముందు నుంచి కనిపిస్తుందా, అక్కడ కొంచెం జారినా పర్వాలేదా, ఆ సందులోకి పట్టకారు దూరుతుందా అన్నవి దానికి తెలియవు. అవి మీకే తెలుసు. ఆ తెలిసిన సంగతిని బొమ్మ మీదే రంగుతో గీసి స్లైసర్‌కు చెప్పడమే ఇక్కడి పని. నీలం వేస్తే “ఇక్కడ సపోర్టు పెట్టు” అని అర్థం, దీన్ని ఎన్‌ఫోర్సర్ అంటారు. ఎరుపు వేస్తే “ఇక్కడ పెట్టొద్దు” అని, అది బ్లాకర్.

కింద చెప్పేదంతా ప్రూసాస్లైసర్‌ను దృష్టిలో పెట్టుకుని, 0.4 నాజిల్, 0.2 మిల్లీమీటర్ల లేయర్, పీఎల్ఏ ఫిలమెంట్ అనుకుని చెబుతున్నవి. ఓర్కాస్లైసర్, బాంబూ స్టూడియో వాడేవాళ్లకు తేడా ఎక్కడ వస్తుందో చివర్లో ఉంది.

రంగు పట్టే ముందు: ఏది గాల్లో మొదలవుతోంది?

సపోర్టు ఎక్కడ కావాలో తేల్చుకోకుండా బ్రష్ పట్టుకుంటే, ఎర్రగానో నీలంగానో కనిపించిన ప్రతి చోటా పూసేస్తారు. చివరికి ఆటో సపోర్టు ఇచ్చేదే మళ్లీ వస్తుంది. కాబట్టి ముందు చిన్న లెక్క.

వాలు తలం మీద ప్రతి లేయర్ కింది లేయర్ కంటే కొంచెం బయటికి జరుగుతుంది. వాలును నేలకు సమాంతరంగా ఉన్న గీత నుంచి కొలిస్తే, 45 డిగ్రీల దగ్గర 0.2 లేయర్ 0.2 మిల్లీమీటర్లే బయటికి వస్తుంది. గీత వెడల్పు సుమారు 0.45 కాబట్టి సగానికి పైగా కింది లేయర్ మీదే కూర్చుంటుంది. హాయిగా వచ్చేస్తుంది. 30 డిగ్రీలకు దిగితే 0.35 మిల్లీమీటర్లు బయటికి పోయి, 0.1 మాత్రమే కింద ఆనుతుంది. అప్పుడు అడుగు గరుకుగా వస్తుంది, మూలలు పైకి లేస్తాయి, కానీ సాధారణంగా కూలిపోదు. 20 డిగ్రీలైతే జరుగుడు 0.55 అవుతుంది. అంటే కొత్త గీత మొత్తం గాల్లోనే పడుతుంది. ఇక్కడ సపోర్టు లేకపోతే పని జరగదు. లేయర్‌ను 0.1కి తగ్గిస్తే 30 డిగ్రీల దగ్గర జరుగుడు 0.17కి పడిపోతుంది. కాబట్టి పల్చని లేయర్‌తో ముద్రించే బొమ్మకు తక్కువ రంగు చాలు. ఒకే ఫైలుకు లేయర్ మందం మారిస్తే రంగు కూడా మళ్లీ చూసుకోవాలన్నమాట.

కోణం గురించి ఒక హెచ్చరిక. ప్రూసాస్లైసర్ ఈ కోణాన్ని అడ్డంగా ఉన్న తలం నుంచి కొలుస్తుంది, క్యూరా నిలువు గోడ నుంచి కొలుస్తుంది. ఎవరో “నేను 60 పెడతాను” అంటే అది ఏ స్లైసర్‌లోనో అడగకుండా ఆ అంకె తెచ్చి పెట్టుకోకండి. క్యూరాలో 60 అంటే ఇక్కడ 30.

వాలు కంటే ముఖ్యమైనది ఐలాండ్. కింద ఏ ఆధారమూ లేకుండా ఒక లేయర్‌లో హఠాత్తుగా మొదలయ్యే భాగం అది. కిందికి వేలాడే చెవి తమ్మె కొన, మోచేతి అడుగు, పిడికిలి కిందికి పొడుచుకొచ్చిన గొడ్డలి కర్ర చివర, బొజ్జను తాకకుండా వంకర తిరిగిన తొండం కొన. నాజిల్ అక్కడ మొదటి చుక్కను ఖాళీ గాల్లో వదులుతుంది. అది ఎక్కడికో ఈడ్చుకుపోతుంది, ఆ పైన వచ్చేదంతా దారపు ఉండ అవుతుంది. ఐలాండ్‌కు సపోర్టు విషయంలో బేరం లేదు. ఒక్కటి వదిలినా ప్రింటు పాడైనట్టే.

దీనికి ఎదురుగా ఉండేది బ్రిడ్జి. రెండు వైపులా ఆనుకునే చోటు ఉండి మధ్యలో మాత్రమే ఖాళీ ఉంటే, నాజిల్ దారాన్ని ఇటు నుంచి అటు లాగి కట్టేస్తుంది. ఫ్యాన్ పూర్తిగా తిరుగుతుంటే పీఎల్ఏ 10 నుంచి 15 మిల్లీమీటర్ల బ్రిడ్జిని మామూలుగా మోస్తుంది. మీ ప్రింటర్ ఎంతవరకు మోస్తుందో ఒక బ్రిడ్జి టెస్టు ముక్క వేసుకుని తెలుసుకోండి. ఆ ఒక్క అంకె తెలిస్తే చాలా రంగు మిగులుతుంది.

బొమ్మను ముందు నిలబెట్టండి, తర్వాతే రంగు

రంగు బొమ్మ ఉపరితలంలోని త్రిభుజాలకు అంటుకుని ఉంటుంది. బొమ్మను తిప్పితే రంగు కూడా దానితో పాటే తిరుగుతుంది. కానీ ఏది కిందికి చూస్తోందన్నది మారిపోతుంది కనుక ఆ రంగుకు అర్థం ఉండదు. కోయడం, త్రిభుజాల సంఖ్య తగ్గించడం, మెష్‌ను బాగుచేయడం లాంటివి చేస్తే రంగు చెరిగిపోవచ్చు కూడా. కాబట్టి వరస ఇది: బాగుచేయడం, కోయడం, సైజు, నిలబెట్టే తీరు, అన్నీ అయ్యాక రంగు. రంగు వేశాక ఫైలును 3MF ప్రాజెక్టుగా భద్రపరచండి. STLగా ఎగుమతి చేస్తే ఆకారం ఒక్కటే వెళ్తుంది, గంటసేపు వేసిన రంగు పోతుంది.

ఇప్పుడు కుడివైపు పట్టీలో Supports దగ్గర For support enforcers only ఎంచుకోండి. దీనితో స్లైసర్ సొంతంగా ఏదీ పెట్టదు, మీ నీలం చోట్లకే పెడుతుంది. తర్వాత Print Settings లోని Support material పేజీకి వెళ్లి Style చూడండి. వినాయకుడి లాంటి వంపుల బొమ్మకు Organic మంచిది. చెట్టు కొమ్మల్లా పక్కనుంచి వంగి వచ్చి కొనను పట్టుకుంటుంది, దారిలో ఉన్న ఒడినీ మోకాళ్లనూ వీలైనంత తప్పించుకుంటుంది. అడుగు చదునుగా ఉన్న యంత్ర భాగాలకు Snug తీసుకోండి. Grid మాత్రం రంగు వేసేవాళ్లకు ఇబ్బంది పెడుతుంది. అది సపోర్టును గళ్లకు సరిపోయేలా పెంచుకుంటుంది కాబట్టి మీరు వేసిన మచ్చ కంటే స్తంభం వెడల్పుగా వస్తుంది. “నేను ఇంత వేయలేదే” అన్న అనుమానం ఎక్కువగా దీని వల్లే.

అదే పేజీలో Top contact Z distance అనేది సపోర్టు పైభాగానికీ బొమ్మకూ మధ్య వదిలే ఖాళీ. 0.2 లేయర్‌కు 0.2 దగ్గర మొదలుపెట్టండి. ఇది చిన్నదైతే సపోర్టు అతుక్కుపోతుంది, పెద్దదైతే అడుగు జారి వేలాడుతుంది. రంగు ఎంత పొదుపుగా వేసినా ఈ అంకె తప్పయితే శుభ్రం చేసే పని తగ్గదు.

బ్రష్ పట్టడం

బొమ్మను ఎంచుకుని L నొక్కండి. ఎడమ పట్టీలో Paint-on supports తెరుచుకుంటుంది. ఎడమ మౌస్ బటన్ నీలం వేస్తుంది, కుడి బటన్ ఎరుపు వేస్తుంది, Shift పట్టుకుని ఎడమ బటన్‌తో గీస్తే రంగు చెరుగుతుంది. Alt పట్టుకుని చక్రం తిప్పితే బ్రష్ సైజు మారుతుంది. Ctrl పట్టుకుని చక్రం తిప్పితే బొమ్మను అడ్డంగా కోసినట్టు లోపలి భాగం కనిపిస్తుంది. తొండం వెనక, చంక లోపల రంగు వేయడానికి ఇదే దారి.

ముందుగా Highlight overhang by angle అనే స్లైడర్‌ను 30 దాకా జరపండి. 30 డిగ్రీల కంటే చదునుగా కిందికి చూసే ప్రతి తలమూ రంగు మారి కనిపిస్తుంది. తర్వాత 45కి తీసుకెళ్లి తేడా చూడండి. 30 దగ్గర వెలిగేవి అవసరమయ్యే చోట్లు, 30కీ 45కీ మధ్య కొత్తగా వెలిగేవి చాలావరకు వదిలేయగలిగినవి. ఇది సూచన మాత్రమే, ఇంకా రంగు పడలేదు. పక్కనున్న Enforce నొక్కితే వెలిగిన చోటంతా నీలం అయిపోతుంది. ఆ బటన్ ముట్టుకోకండి, అది ఆటో సపోర్టునే మరో పేరుతో తెస్తుంది.

On overhangs only అనే గడిలో టిక్కు పెట్టండి. అప్పుడు బ్రష్ ఎక్కడ తగిలినా, వెలిగిన తలాల మీద మాత్రమే రంగు పడుతుంది. వంపుల బొమ్మ మీద చేయి జారి పక్క గోడకు పూసే బాధ తప్పుతుంది.

బ్రష్ ఆకారాల్లో గోళం, వృత్తం మధ్య తేడా తెలిసి ఉండాలి. Sphere తన లోపలికి వచ్చిన ప్రతి తలానికీ రంగు వేస్తుంది, అది అటువైపుదైనా సరే. పల్చని చెవి మీద వాడితే ముందూ వెనకా రెండూ పడతాయి. Circle మీ కంటికి కనిపించే వైపే పూస్తుంది. సందుల్లో Circle, ఒంటరిగా వేలాడే కొనల మీద Sphere వాడండి. ఇక Smart fill ఒక క్లిక్కుతో, అంచు మలుపు తిరిగే దాకా ఆ తలమంతా నింపేస్తుంది. చదునైన అడుగులకు ఇంతకన్నా వేగమైనది లేదు. కానీ వినాయకుడి చెంప మీద నొక్కితే మలుపు దొరక్క ముఖమంతా నిండిపోతుంది.

వినాయకుడి మీద, కొన కొనకూ

బొమ్మను కింది నుంచి చూసేలా తిప్పుకుని, పీఠం నుంచి పైకి వెళ్లండి. సపోర్టు ఎలా పెరుగుతుందో ఆ వరసలోనే ఆలోచన కూడా సాగితే ఏదీ తప్పిపోదు.

పీఠం మీద ఆనిన పాదాలు, పంచె మడతలు వదిలేయండి. మడతల్లో వెలిగే చోట్లు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున్నవే. అంత చిన్న పొడుగును ప్రింటర్ మోస్తుంది, సపోర్టు పెడితే మాత్రం సూదితో గీకినా రాదు. బొజ్జ అడుగు తొడల మీద నుంచి మొదలై బయటికి ఉబ్బుతుంది. స్లైడర్ 30 దగ్గర ఉన్నప్పుడు అక్కడ సన్నని చార మాత్రమే వెలిగితే వదిలేయండి. అర సెంటీమీటరు వెడల్పున వెలిగితే ముందు భాగంలో చిన్న నీలం చార ఇవ్వాలి.

తర్వాత వచ్చేది తొండం కొన. అది బొజ్జ మీద ఆనుకుని ఉంటే ఏమీ అక్కర్లేదు, బొజ్జే దానికి ఆధారం. బొజ్జకు దూరంగా, గాల్లో ఎడమకు తిరిగి ఉంటే ఐలాండ్. కొన అడుగున 4 మిల్లీమీటర్ల మచ్చ వేయండి. తొండం వెనక భాగం, అంటే బొజ్జ వైపు చూసే తలం, ఎంత వెలిగినా రంగు వేయకండి. ఆ సందులోకి వెళ్లిన సపోర్టు రెండు వైపులా రాసుకుంటుంది, తీసేటప్పుడు తొండమే విరుగుతుంది.

మోచేతులు నాలుగూ చూడండి. భుజం నుంచి దిగి, మోచేతి దగ్గర మలుపు తిరిగి, మళ్లీ పైకి లేచే చెయ్యి అయితే ఆ మలుపు అడుగే ఐలాండ్. 5 మిల్లీమీటర్ల మచ్చ. మోచేతి నుంచి భుజం దాకా పోయే అడుగు భాగం సాధారణంగా 45 డిగ్రీలకు పైనే ఉంటుంది, దానికి వద్దు. ముంజేయి అడ్డంగా ముందుకు చాచి మోదకం పట్టుకుని ఉంటే మాత్రం ఆ అడుగు పొడవునా 3 మిల్లీమీటర్ల వెడల్పున నీలం గీత వేయాలి. ఒక కొన మాత్రమే ఒంటికి తగిలి ఉన్న అడ్డ భాగం బ్రిడ్జి కాదు.

చెవులు అసలు ఆదా జరిగే చోటు. స్లైడర్ 45 దగ్గర ఉంటే చేట చెవి అడుగు అంచు మొత్తం వెలుగుతుంది. కానీ గాల్లో మొదలయ్యేది తమ్మె కొన ఒక్కటే. అక్కడి నుంచి అంచు రెండు వైపులా వాలుగా లేస్తూ తలకు కలుస్తుంది. కొన మీద 5 మిల్లీమీటర్ల మచ్చ వేసి ఆపేయండి. దీని వల్ల ఎంత మిగులుతుందో లెక్క వేయొచ్చు. గీతల మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం ఉన్న సాదా సపోర్టు, ఉన్న చోటులో సుమారు ఐదో వంతు నింపుతుంది. చెవి నీడ 20 × 15 మిల్లీమీటర్లు, ఎత్తు 70 అనుకుంటే 21 ఘన సెంటీమీటర్ల స్తంభం. పీఎల్ఏ సాంద్రత 1.24 కాబట్టి దాదాపు 5 గ్రాములు. 5 × 5 మచ్చ కింద స్తంభానికి అర గ్రాము కూడా పట్టదు. రెండు చెవులకు 9 గ్రాములు, అంటే దాదాపు 3 మీటర్ల ఫిలమెంట్. ఖర్చంతా మచ్చ వైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే వచ్చేదే కనుక, పైన ఉన్న మచ్చల మీదే ఎక్కువ పిసినారితనం చూపించండి. బెడ్‌కు దగ్గరగా ఉన్నవి కాస్త పెద్దవైనా పోయేదేమీ లేదు.

గొడ్డలి కర్ర కింది చివరకు మచ్చ. దంతం కొన కిందికి చూస్తుంటే అక్కడా చిన్నది. కిరీటం అంచులు మెట్లు మెట్లుగా బయటికి వచ్చేవి, ఒక్కో మెట్టు ఒక మిల్లీమీటరు లోపే అయితే వదిలేయండి.

చేతితో వెతికినా దొరకనివి ఉంటాయేమోనని అనుమానమా? స్లైస్ చేసి, ప్రివ్యూలో కుడివైపు నిలువు స్లైడర్‌ను కింది నుంచి ఒక్కో లేయరూ పైకి జరపండి. ఎక్కడైనా ఒక చుక్క ఒంటరిగా ప్రత్యక్షమై, దాని కింద సపోర్టు లేకపోతే అదే మీరు వదిలేసిన ఐలాండ్. ప్రూసాస్లైసర్ 2.6, ఆ తర్వాతి వెర్షన్లు ఇలాంటి చోట్లను గుర్తించి ప్రింటు నిలకడ గురించి హెచ్చరిక కూడా చూపిస్తాయి. అదే రంగుల పట్టీలో Automatic painting అనే బటన్ కూడా ఉంది. బొమ్మ కూలే చోట్లను లెక్కగట్టి అదే నీలం వేస్తుంది. మొదటి అడుగుగా వాడుకోవచ్చు, కానీ అది నొక్కితే అంతకుముందు మీరు వేసిన రంగు పోతుంది. కాబట్టి వాడితే మొదట్లోనే నొక్కి, తర్వాత చేత్తో దిద్దుకోండి.

ప్రివ్యూలో రంగుల పట్టికలో Support material, Support material interface అనే రెండు వరసల ఎదురుగా సమయం, మీటర్లు, గ్రాములు కనిపిస్తాయి. Everywhere పెట్టినప్పుడు ఎంతో, ఇప్పుడు ఎంతో పక్కపక్కన రాసుకోండి. తేడా తక్కువగా ఉంటే మచ్చలు పెద్దవయ్యాయని అర్థం.

డబ్బాలకు తిరగేసిన పద్ధతి

సర్క్యూట్ బోర్డు పెట్టే డబ్బా లాంటి వాటిలో పరిస్థితి వేరు. సపోర్టు కావలసిన చోట్లు స్పష్టంగా ఉంటాయి, వద్దన్నవి నాలుగైదే. అప్పుడు ఆటోను అలాగే ఉంచి ఎరుపుతో కోత పెట్టడం తేలిక. Supports దగ్గర Everywhere పెట్టి ఒకసారి స్లైస్ చేసి, అక్కర్లేని చోట్లు గుర్తు పెట్టుకుని, L నొక్కి కుడి బటన్‌తో పూయండి.

నిలువు గోడలో అడ్డంగా ఉన్న 3.2 మిల్లీమీటర్ల స్క్రూ రంధ్రాలకు ఎరుపు వేయండి. అంత చిన్న వంపు దానంతట అదే మూసుకుంటుంది. లోపల సపోర్టు పడితే డ్రిల్లుతో తీయాలి. యూఎస్‌బీ కోసం వదిలిన 12 మిల్లీమీటర్ల వెడల్పు కిటికీ పై అంచు బ్రిడ్జి, దానికీ ఎరుపే. మూత ఆనడానికి లోపలికి 4 మిల్లీమీటర్లు పొడుచుకొచ్చిన గట్టు మాత్రం ఒకవైపే గోడకు తగిలి ఉంది. దాన్ని ముట్టుకోకండి, ఆటో సపోర్టు అక్కడ ఉండాల్సిందే. మరీ మంచిది, ఆ గట్టు అడుగును 45 డిగ్రీల వాలుగా మార్చి గీసుకోవడం. డిజైన్ మీ చేతిలో ఉంటే రంగు కంటే అదే చవక.

డబ్బా డిజైన్ తరచూ మారుతుంటే రంగు బదులు బ్లాకర్ దిమ్మెలు వాడండి. బొమ్మ మీద కుడి క్లిక్ చేసి Add support blocker, అందులో Box లేదా Cylinder. దాన్ని రంధ్రం మీదికి జరిపి సైజు సరిచేయండి. రంగు త్రిభుజాలకు కట్టుబడి ఉంటుంది కనుక కొత్త ఫైలు తెస్తే మళ్లీ వేయాలి. దిమ్మె కొలతలు మాత్రం మీ దగ్గర ఉంటాయి. ఒక్క సంగతి: దిమ్మె సపోర్టు అవసరమైన తలాన్ని, అంటే రంధ్రం పైకప్పును, కప్పాలి. పైకప్పును వదిలి కింద ఖాళీలో దిమ్మె పెట్టి, స్తంభాన్ని మధ్యలో తెంచుతుందని ఆశిస్తే అలా జరుగుతుందని నమ్మలేం. సపోర్టు పుట్టేది పైతలం నుంచే, అడ్డుకోవాల్సిందీ అక్కడే.

వేసినా రాకపోతే, వచ్చినా నిలవకపోతే

నీలం వేశారు, సపోర్టు ఏమీ రాలేదు. మొదట Supports పట్టీ None మీద ఉందేమో చూడండి. ప్రూసాస్లైసర్ అప్పుడు ఒక హెచ్చరిక చూపిస్తుంది గానీ తొందరలో దాన్ని మూసేస్తుంటారు. అది సరిగానే ఉంటే, రంగు పడిన తలం నిజంగా కిందికి చూస్తోందా? నిలువు గోడ మీద, పైకి చూసే తలం మీద ఎంత పూసినా ఏమీ రాదు. మూడోది, మచ్చ మరీ చిన్నది. మిల్లీమీటరు మచ్చను స్లైసర్ లెక్కలోకి తీసుకోకపోవచ్చు. 3 మిల్లీమీటర్ల కంటే తగ్గకండి.

సపోర్టు వచ్చింది, కానీ సగం ఎత్తులో పడిపోయింది. సన్నగా పొడుగ్గా ఉన్న స్తంభాల జబ్బు ఇది. నాజిల్ తగిలిన ప్రతిసారీ ఊగి చివరికి బెడ్ నుంచి ఊడుతుంది. మచ్చను పెద్దది చేయడం కంటే, స్తంభం అడుగు వెడల్పు చేయడమే సరైన మందు. First layer expansion అనే సెట్టింగు సపోర్టు మొదటి లేయర్‌ను చుట్టూ విస్తరిస్తుంది. 3 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే పెంచండి. దగ్గర దగ్గరగా రెండు మచ్చలుంటే వాటిని సన్నని నీలం గీతతో కలపండి. రెండు స్తంభాలు ఒకటై ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

మచ్చ వేసిన చోటు బాగుంది, దాని పక్కనే జారింది. మచ్చ ఐలాండ్ కొనకు సరిగ్గా సరిపోయేలా వేస్తే ఇలా అవుతుంది. మొదటి రెండు మూడు లేయర్లు నిలబడ్డాక కొన వెడల్పవుతుంది, ఆ వెడల్పులో ఇంకా చదునుగా ఉన్న భాగం గాల్లో ఉంటుంది. On overhangs only టిక్కు తీసేసి, వెలుగు చూపిన సరిహద్దు దాటి ఒక మిల్లీమీటరు అదనంగా పూయండి.

సపోర్టు కాళ్లు ఒడిలోనో మోకాలి మీదో దిగి మచ్చ వదిలాయి. Organic కూడా ప్రతిసారీ బెడ్ దాకా దారి కనుక్కోలేదు. నీలం మచ్చను కొన మధ్య నుంచి బయటి వైపుకు కొంచెం జరిపి చూడండి, కొమ్మ బయటి నుంచి వచ్చే అవకాశం పెరుగుతుంది. అయినా దిగుతుంటే బొమ్మను 5, 10 డిగ్రీలు వెనక్కి వాల్చి మళ్లీ మొదటి నుంచి చూడడమే. అప్పుడు రంగంతా కొత్తగా వేయాలని మరవకండి.

పెట్‌జీ ఫిలమెంట్‌తో ముద్రిస్తుంటే ఇదంతా ఇంకొంచెం కఠినంగా ఉంటుంది. అది సపోర్టును గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి Top contact Z distance కాస్త పెంచాలి, కనిపించే ముఖాల మీద మచ్చలు ఇంకా తగ్గించాలి. ఫ్యాన్ తక్కువగా తిరుగుతుంది కనుక బ్రిడ్జి పొడవు కూడా పీఎల్ఏ అంత ఇవ్వకండి.

ఓర్కా, బాంబూ స్టూడియోలో

రంగు వేసే తీరు దాదాపు ఇదే: L నొక్కడం, ఎడమ బటన్‌కు నీలం, కుడి బటన్‌కు ఎరుపు, Shift తో చెరపడం. తేడా సపోర్టు రకంలో ఉంది. అక్కడ Type దగ్గర normal(auto), tree(auto), normal(manual), tree(manual) అని నాలుగు ఉంటాయి. రంగు వేసిన చోటే కావాలంటే manual ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవాలి, దాంతో పాటు Enable support కూడా టిక్కు పెట్టి ఉండాలి. auto ఉంచి నీలం వేస్తే ఆటో సపోర్టు మీద మీది అదనంగా చేరుతుంది, ఆదా ఏమీ ఉండదు. బొమ్మలకు tree(manual), డబ్బాలకు normal(auto) ఉంచి ఎరుపు. Smart fill బదులు అక్కడ Fill అని ఉంటుంది. వెలుగు చూపే స్లైడర్ అక్కడ Highlight overhang areas పేరుతో ఉంటుంది.

ప్రింటు దిగాక

బొమ్మ బెడ్ మీదే కాస్త వెచ్చగా ఉండగా సపోర్టు లాగకండి, మెత్తగా ఉన్న సన్నని కొనలు వంగుతాయి. చల్లారాక, స్తంభాన్ని అడుగు దగ్గర ఫ్లష్ కట్టర్‌తో కోసి, పైముక్కను సూదిముక్కు పట్టకారుతో పట్టుకుని పక్కకు మెలితిప్పండి. నేరుగా కిందికి లాగితే చెవి కొన, దంతం లాంటివి దాంతోపాటే వస్తాయి. పీఎల్ఏ ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి, కళ్లద్దాలు పెట్టుకోండి. కొన మీద మిగిలిన గరుకును 240 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 400తో ముగించండి. ఎక్కడ గీకడానికి ఎక్కువసేపు పట్టిందో గుర్తుపెట్టుకుని, అదే 3MF తెరిచి ఆ మచ్చను చిన్నది చేసి భద్రపరచండి, తర్వాతి ప్రింటు అక్కడి నుంచే మొదలవుతుంది.